‘నీడ్‌ఫుల్’ అంటే ఏ పని?

‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అన్నది భారతీయ ఆఫీసు ఇంగ్లిష్‌లో తరచుగా కనిపించే వాక్యం. బ్యాంకు మేనేజరుకు రాసే ఉత్తరంలో, ప్రిన్సిపాల్‌కు పెట్టుకునే అర్జీలో, సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వెళ్ళే మెయిల్లో, అపార్ట్‌మెంట్ సంఘానికి ఇచ్చే ఫిర్యాదులో ఇది చివరి వాక్యంగానో దానికి ముందు వాక్యంగానో వస్తుంది. ‘దయచేసి చేయవలసినది చేయండి’ అని దీని భావం. తెలుగు అర్జీల్లో రాసే ‘తగు చర్య తీసుకోగలరు’ దీనికి సరిజోడు. వ్యాకరణం ప్రకారం ఈ వాక్యంలో తప్పేమీ లేదు. చేయవలసినది ఏమిటో చెప్పకపోవడమే దీనితో వచ్చిన చిక్కు. రాసినవారు ఒక ఖాళీ వదిలేసి, దాన్ని పూరించే బాధ్యత చదివేవారి మీద పెడుతున్నారు.

ఈ అలవాటు మానుకోవాలనుకునేవారు సాధారణంగా దీని బదులు మరో వాక్యం కోసం వెతుకుతారు. ‘ప్లీజ్ టేక్ కేర్ ఆఫ్ దిస్’ అనో, ‘ప్లీజ్ లుక్ ఇంటు ఇట్’ అనో రాస్తారు. ఇవి చెవికి కొత్తగా ఉంటాయి, ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది. నీడ్‌ఫుల్ అన్న మాట ఉన్నచోట మూడు సంగతులు రావాలి: పని ఎవరు చేయాలి, ఏ పని చేయాలి, ఎప్పటిలోగా చేయాలి. ఆ మూడూ రాయాలంటే అవి ముందు రాసేవారికి తెలిసి ఉండాలి. చాలా మెయిళ్ళలో ఆ మాట దొర్లడానికి అసలు కారణం ఇక్కడే దొరుకుతుంది. ఎదుటివారు సరిగ్గా ఏం చేయాలో పంపేవారు ఇంకా తేల్చుకోలేదు.

ఇది భారతీయులు సొంతంగా కల్పించుకున్న తప్పుడు ఇంగ్లిష్ అన్న అభిప్రాయం ఒకటి ఉంది. అది నిజం కాదు. 18, 19 శతాబ్దాల్లో బ్రిటన్‌లోనే ఈ ప్రయోగం చలామణిలో ఉండేది. అప్పటి వర్తకంలో దీనికి అర్థమూ ఉంది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. ఆ తర్వాత మద్రాసు, కలకత్తాలలో కోటలు కట్టింది. 1869లో సూయజ్ కాలువ తెరిచేదాకా తెరచాప ఓడలు ఆఫ్రికా కొసను చుట్టి రావాలి. ఒక ఉత్తరం లండన్ నుంచి ఇక్కడికి చేరడానికి నెలలు పట్టేది, జవాబు వెళ్ళడానికి మళ్ళీ అన్ని నెలలు. సరుకు ధర, ఓడ రాక, రేవులో పరిస్థితి అంత దూరంలో ఉన్న యజమానికి తెలిసే వీలు లేదు. అలాంటప్పుడు ‘అవసరమైనది నువ్వే చూసుకో’ అని ఏజెంటుకు రాయడం తెలివైన పనే. నిర్ణయం స్థలంలో ఉన్న మనిషికి వదిలేస్తున్నామని ఇద్దరికీ తెలుసు.

ఈ దేశంలో ఈ భాష వేళ్ళూనుకున్నది కచేరీల్లో. కంపెనీ గుమాస్తాలను ‘రైటర్లు’ అనేవారు. వారు పనిచేసిన రైటర్స్ బిల్డింగ్ కోల్‌కతాలో నేటికీ ఉంది. 1837 తర్వాత ప్రభుత్వ కార్యాలయాల్లో పారశీకం స్థానంలోకి ఇంగ్లిషూ దేశభాషలూ వచ్చాయి. అర్జీ పెట్టుకునేవారి వినయం, విక్టోరియా కాలపు ఇంగ్లిష్ మర్యాద ఒకే కాగితం మీద కలిశాయి. ‘ఐ బెగ్ టు స్టేట్’, ‘యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్’ లాంటివి ఆ కాగితాల మీదివే. నమూనా ఉత్తరాల పుస్తకాలు వాటిని తరం నుంచి తరానికి అందించాయి. నేటికీ పిల్లలు బడిలో నేర్చే మొదటి ఇంగ్లిష్ ఉత్తరం సెలవు చీటీయే: జ్వరంతో బాధపడుతున్నాను, కైండ్లీ గ్రాంట్ మీ లీవ్, థ్యాంకింగ్ యూ సర్, యువర్స్ ఒబీడియంట్లీ. ఇరవై ఏళ్ళ తర్వాత క్లయింటుకు రాసే మెయిల్లో వినిపించేది ఆ చీటీ గొంతే.

ఈలోగా ఇంగ్లిష్ పుట్టిన దేశంలో ఆఫీసు భాష మారిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1940 ఆగస్టు 9న, ప్రధాని చర్చిల్ తన ప్రభుత్వ శాఖలకు ‘బ్రెవిటీ’ పేరుతో ఒక నోట్ పంపాడు. నివేదికలు చిన్న పేరాల్లో ఉండాలని, కాగితం నింపే పదబంధాలు మానాలని అందులో కోరాడు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ ఆర్థిక శాఖ కోరిక మీద ఎర్నెస్ట్ గవర్స్ అనే సీనియర్ అధికారి ప్రభుత్వోద్యోగుల కోసం ‘ప్లెయిన్ వర్డ్స్’ రాశాడు. 1948లో వచ్చిన ఆ చిన్న పుస్తకం 1954లో ‘ద కంప్లీట్ ప్లెయిన్ వర్డ్స్’గా విస్తరించింది. అమెరికా 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ చేసి, కేంద్ర ప్రభుత్వ సంస్థలు జనానికి అర్థమయ్యే భాషలో రాయాలని నిర్దేశించింది. 2023లో సరళ భాషకు ఒక ఐఎస్‌ఓ ప్రమాణమే వచ్చింది. చదివేవారికి కావలసిన సంగతి వెంటనే దొరకాలి, దొరికింది అర్థం కావాలి, అర్థమైనదాన్ని పట్టుకుని పని చేయగలగాలి అన్నది ఆ ప్రమాణం సారాంశం. నీడ్‌ఫుల్ వాక్యం నిలవలేనిది ఈ ఆఖరి పరీక్షలోనే.

ప్రభుత్వ ఫైలు సంగతి మాత్రం వేరు, దాన్ని ఇందులో కలపడం న్యాయం కాదు. ‘ఫర్ ఇన్ఫర్మేషన్ అండ్ నెసెసరీ యాక్షన్’ అన్న మాటతో కాగితం ఒక సెక్షన్‌కు చేరినప్పుడు, అక్కడ అసిస్టెంటు ఏం చేయాలో, సూపరింటెండెంటు ఏం చూడాలో, ఎవరి సంతకంతో బయటికి వెళ్ళాలో ఆఫీసు నిబంధనలే చెబుతాయి. ‘అవసరమైన చర్య’ అన్న ఖాళీని వ్యవస్థ ముందే పూరించి పెట్టింది. మరో దేశంలో ఉన్న క్లయింటుకు అలాంటి నిబంధనల పుస్తకం లేదు. ఆ మాటకొస్తే పక్క డిపార్ట్‌మెంటుకూ లేదు.

నష్టం ఎలా జరుగుతుందో ఒక ఊహా ఉదాహరణలో చూడవచ్చు. హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ న్యూయార్క్‌లోని క్లయింటుకు పని చేస్తోంది. జూన్ నెల ఇన్వాయిస్ పంపాలి. జులై 8, మంగళవారం సాయంత్రం 6 గంటలకు ఉద్యోగి ఇలా మెయిల్ పెట్టాడు. సబ్జెక్ట్ లైన్‌లో ‘ఇన్వాయిస్’ అన్న ఒక్క మాట ఉంది.

‘డియర్ సర్, గ్రీటింగ్స్ ఆఫ్ ద డే. హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ ఇన్ ద బెస్ట్ ఆఫ్ హెల్త్. విత్ రిఫరెన్స్ టు ద ట్రెయిలింగ్ మెయిల్, ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్ హియర్‌విత్ ద ఇన్వాయిస్ ఫర్ ద మంత్ ఆఫ్ జూన్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ద ఎర్లియెస్ట్. కైండ్లీ కన్ఫర్మ్ ద సేమ్. థ్యాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్.’

వేసవిలో న్యూయార్క్ గడియారం హైదరాబాద్‌కన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. క్లయింటు ఆఫీసుకు వచ్చి మెయిల్ చదివి, ఇన్వాయిస్ వచ్చింది కాబట్టి ‘రిసీవ్డ్, థ్యాంక్స్’ అని జవాబిచ్చి వేరే పనిలో పడిపోయింది. ఆమె దృష్టిలో నీడ్‌ఫుల్ అయిపోయింది. హైదరాబాద్ ఉద్యోగి ఆశించింది వేరు. ఇన్వాయిస్‌లోని పని గంటలు సరిచూసి ఆమోదించాలి, జూన్ 30తో గడువు తీరిన పర్చేజ్ ఆర్డర్ బదులు కొత్త నంబరు ఇవ్వాలి, శుక్రవారం జరిగే చెల్లింపుల్లో ఇది చేరేలా చూడాలి. బుధవారం ఉదయం ఆ పొడి జవాబు చూసి అతను ‘జెంటిల్ రిమైండర్’ పంపాడు. అప్పుడు న్యూయార్క్‌లో అర్ధరాత్రి. బుధవారం తన ఉదయాన ఆమె ‘నా నుంచి సరిగ్గా ఏం కావాలి?’ అని అడిగింది. దాన్ని అతను గురువారం ఉదయం చదివి, గంటలు ఆమోదించమని రాశాడు, ఆర్డర్ నంబరు సంగతి మరిచాడు. ఆమె గురువారం ఆమోదించింది. శుక్రవారం ఆమె అకౌంట్స్ విభాగం నంబరు లేదని ఇన్వాయిస్‌ను పక్కన పెట్టింది. ఇద్దరూ పని చేస్తూనే ఉన్నారు, ఇద్దరూ మర్యాదగానే రాశారు. డబ్బు మాత్రం ఆ విడతలో రాలేదు.

రెండు ఆఫీసుల పనివేళలు దాదాపు కలవని ఇలాంటి చోట అడగాల్సిన ఒక్కో ప్రశ్నకూ ఒక రోజు ఖర్చవుతుంది. ఒకే హాల్లో కూర్చున్నవారి మధ్య నీడ్‌ఫుల్ వల్ల పెద్ద నష్టం లేకపోవడానికి కారణం కూడా ఇదే. లేచి వెళ్ళి ‘ఏం చెయ్యమంటారండీ?’ అని అడిగితే అర నిమిషంలో తేలిపోతుంది. అందుకే ఆ వాక్యం ఇన్నాళ్ళూ నిలిచింది.

ఇప్పుడు ఆ మెయిల్నే విప్పి చూడాలి. మొదటి రెండు వాక్యాలూ పలకరింపు. రోజూ మెయిళ్ళు నడిచే ఇద్దరి మధ్య అవి అనవసరం. ‘విత్ రిఫరెన్స్ టు ద ట్రెయిలింగ్ మెయిల్’ అన్నది చదివేవారిని కిందికి వెళ్ళి పాత మెయిళ్ళు వెతుక్కోమంటుంది. అందులో ఏ సంగతి అవసరమో అది ఇక్కడే ఒక ముక్కలో చెబితే సరిపోతుంది. ‘హియర్‌విత్’ తీసేస్తే ఏమీ పోదు. ‘రివర్ట్ బ్యాక్’ దగ్గర కాస్త ఆగాలి, దాని సంగతి ముందుకు వస్తుంది. ‘ఎట్ ద ఎర్లియెస్ట్’ గడువులా కనిపిస్తుంది కానీ అది గడువు కాదు. పంపినవారికి దాని అర్థం రేపు, అందుకున్నవారికి వచ్చే వారం. ‘ద సేమ్’ దేన్ని సూచిస్తోందో తెలియదు: ఇన్వాయిస్ అందిందని చెప్పాలా, గంటలు సరేనని చెప్పాలా? చివరగా, చేయని పనికి ముందే కృతజ్ఞతలు చెప్పడం ఎదుటివారికి ‘మీరు ఎలాగూ చేసి తీరాలి’ అన్నట్టు వినిపించవచ్చు.

ఇన్ని వాక్యాలూ తీసేశాక మిగిలేది ఒకే సంగతి: ఇన్వాయిస్ జతచేశాను. అసలు అడగవలసిన మూడింటిలో ఒక్కటీ మెయిల్లో లేదు. కాబట్టి మెయిల్ దిద్దడం కుదరదు, పని నుంచి మొదలుపెట్టి తిరిగి రాయాలి. అలా రాసినది ఇలా ఉంటుంది. సబ్జెక్ట్ లైన్: ‘జూన్ ఇన్వాయిస్: ప్లీజ్ అప్రూవ్ బై థర్స్‌డే, 10 జులై’. ఆమెను మొదటి పేరుతో పలకరించాక:

‘ద జూన్ ఇన్వాయిస్ ఈజ్ అటాచ్డ్. కుడ్ యూ ప్లీజ్ డూ టూ థింగ్స్ బై థర్స్‌డే, 10 జులై, 3 పీఎం న్యూయార్క్ టైమ్? ఫస్ట్, చెక్ ద 162 అవర్స్ ఆన్ పేజ్ 2 అండ్ లెట్ మీ నో ఇఫ్ యూ అప్రూవ్ దెమ్. సెకండ్, సెండ్ మీ ద న్యూ పర్చేజ్ ఆర్డర్ నంబర్, బికాజ్ ద ఓల్డ్ వన్ ఎక్స్‌పైర్డ్ ఆన్ 30 జూన్. విత్ బోత్, యువర్ అకౌంట్స్ టీమ్ కెన్ పే దిస్ ఆన్ ఫ్రైడే. ఇఫ్ ఎనీ అవర్స్ లుక్ రాంగ్, టెల్ మీ విచ్ డేట్, అండ్ ఐ విల్ చెక్ ద టైమ్‌షీట్.’

ఈ మెయిల్ పాతదానికన్నా పెద్దగా పొట్టిగా ఏమీ లేదు. సరళమైన ఇంగ్లిష్ అంటే తక్కువ మాటలు అనుకోవడం పొరపాటు, అవసరమైన చోట మాటలు పెరుగుతాయి కూడా. ఇందులో సబ్జెక్ట్ లైన్ చదివితేనే తనతో పని ఉందని, గడువు ఉందని ఆమెకు తెలుస్తుంది. అడిగినవి రెండే అని లెక్క చెప్పడం వల్ల ఒకటి చేసి రెండోది మరిచే అవకాశం తగ్గుతుంది. గడువు ఆమె గడియారం ప్రకారం ఉంది. మామూలుగా రాసే ‘ఈవోడీ’, అంటే రోజు ముగిసేలోగా అన్న మాట, ఎవరి రోజో చెప్పదు. నెల పేరు అక్షరాల్లో ఉండటానికీ కారణం ఉంది. 10/7 అని రాస్తే ఇక్కడ జులై 10, అమెరికాలో అక్టోబర్ 7. కొత్త నంబరు ఎందుకు కావాలో చెప్పారు కాబట్టి ‘మొన్న ఇచ్చాను కదా’ అన్న జవాబు రాదు. ఆఖరి వాక్యం మరీ ముఖ్యం. లెక్క తేడాగా ఉంటే ఏం చేయాలో ముందే చెప్పడం వల్ల రాబోయే ప్రశ్నకు పట్టే ఒక రోజు మిగిలింది.

గంటలు ఆమోదించాల్సింది ఒకరు, ఆర్డర్ నంబరు ఇవ్వాల్సింది ఇంకొకరు అయితే ఇద్దరికీ కలిపి ‘ప్లీజ్ డూ’ అని రాయకూడదు. ఎవరి వాక్యం ముందు వారి పేరు పెట్టాలి. మన ఆఫీసుల్లో నీడ్‌ఫుల్ ఎక్కువ హాని చేసేది నిజానికి విదేశీ క్లయింట్ల దగ్గరకన్నా ఇక్కడే. పైఅధికారి ఒక ఫిర్యాదు మెయిల్‌ను నలుగురికి ఫార్వర్డ్ చేసి, పైన ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ అని రాసి వదిలేస్తారు. నలుగురిలో ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురిలో ఎవరో చూస్తున్నారనుకుంటారు. వారం తర్వాత అదే ఫిర్యాదు మరింత ఘాటుగా తిరిగి వస్తుంది, అప్పుడు ఎస్కలేషన్ అని హడావుడి మొదలవుతుంది. పేరు రాయడానికి అధికారికి అర నిమిషం పట్టేది.

అలాంటి మెయిల్ అందుకున్నవారు ఏం చేయాలన్నదీ తెలుసుకోదగ్గదే. ‘వాట్ ఈజ్ ద నీడ్‌ఫుల్?’ అని పెద్దవారిని నిలదీయడం మన దగ్గర బాగుండదు. తనకు అర్థమైనదాన్ని రాసి ముందుకు వెళ్ళడం మంచి పద్ధతి: ‘ఐ విల్ కాల్ ద కస్టమర్ టుడే అండ్ రీప్లేస్ ద మీటర్ బై ఫ్రైడే. ప్లీజ్ టెల్ మీ ఇఫ్ యూ వాంటెడ్ సమ్‌థింగ్ ఎల్స్.’ ఈ జవాబుతో ఖాళీ పూరించబడింది, అడిగినవారి గౌరవానికి భంగం రాలేదు, రేపు మాట వస్తే చూపించడానికి రాతపూర్వక ఆధారం కూడా ఉంది.

నీడ్‌ఫుల్ ఒక్కటే కాదు, ఇంకా చాలా పడికట్టు మాటలు ఉన్నాయి. అన్నిటినీ ఒకే తీరుగా చూడటం మంచిది కాదు. కొన్ని నిజంగా తప్పుదోవ పట్టిస్తాయి, వాటిని ముందు మార్చుకోవాలి. వాటిలో మొదటిది ‘రివర్ట్’. మన దగ్గర దీని అర్థం జవాబివ్వడం. సింగపూర్, మలేషియాల్లోనూ ఇలాగే వాడతారు. మిగతాచోట్ల దీని అర్థం పూర్వస్థితికి వెళ్ళడం. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇది మరీ ప్రమాదం. అక్కడ `git revert` అంటే చేసిన మార్పును రద్దు చేసే కమాండ్. ‘ఐ హావ్ అప్‌డేటెడ్ ద కోడ్, ప్లీజ్ రివర్ట్’ అని రాస్తే, జవాబు అడిగారా, మార్పు తీసేయమన్నారా అని అవతలి ఇంజనీరు తికమక పడటం సహజం. ‘ప్లీజ్ రిప్లై’ అంటే ఏ దేశంలోనైనా ఒకటే అర్థం.

‘డౌట్’ మరొకటి. తెలుగులో పాఠం మధ్యలో ‘డౌట్ ఉంది సార్’ అంటే అది అమాయకమైన ప్రశ్న. ఇంగ్లిష్‌లో ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్’ అంటే మీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదన్న ధ్వని వస్తుంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అంటే ఆ ధ్వని ఉండదు. గడువుల దగ్గర ‘టిల్’ కూడా ఇలాంటిదే. ‘శుక్రవారం వరకు పంపుతాను’ అన్న మన అలవాటు వాక్యాన్ని ‘ఐ విల్ సెండ్ ఇట్ టిల్ ఫ్రైడే’ అని రాస్తే, శుక్రవారం దాకా పంపుతూనే ఉంటానని అర్థం వస్తుంది. శుక్రవారంలోగా అనడానికి ‘బై ఫ్రైడే’ అనాలి. విదేశాల వారికి లక్షలు, కోట్లు కూడా అర్థం కావు. పది లక్షలను ఒక మిలియన్‌గా, కోటిని పది మిలియన్లుగా రాయాలి.

కొన్ని మాటలు బరువు తప్ప హాని చేయవు. ‘ఎన్‌క్లోజ్డ్ ప్లీజ్ ఫైండ్’, ‘ఇంటిమేట్’, ‘యువర్ గుడ్‌సెల్ఫ్’, ‘ఫర్ యువర్ కైండ్ పెరూజల్’ ఈ కోవలోవి. తీరిక చూసుకుని ఒక్కొక్కటిగా మానుకోవచ్చు. ‘ఇంటిమేట్ అజ్’ బదులు ‘లెట్ అజ్ నో’ చాలు. ‘పెరూజల్’ బదులు ఏం చదవాలో, ఏ పేజీ చదవాలో చెబితే మేలు.

‘ప్రీపోన్’, ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ లాంటివి మరో రకం. సమావేశాన్ని ముందుకు జరపడానికి ప్రీపోన్ అన్నంత సూటైన ఏకపదం వేరే లేదు. నిఘంటువులు కూడా దాన్ని భారతీయ ఇంగ్లిష్ మాటగా చేర్చుకున్నాయి. అవుట్ ఆఫ్ స్టేషన్ బ్రిటిష్ అధికారులు తాము నివసించే చోటును స్టేషన్ అన్న కాలంలోది. నెల్లూరు నుంచి వరంగల్‌కు రాసే మెయిల్లో వీటిని తీసేయాల్సిన పనేమీ లేదు. అవి ఇక్కడి భాషలో భాగం, సిగ్గుపడాల్సినవి కావు. బయటి దేశానికి రాసేటప్పుడు మాత్రం ‘మూవ్ టు యాన్ అర్లియర్ డేట్’, ‘ఐ యామ్ అవే టిల్ మండే’ అని మార్చుకుంటే చాలు. ఎవరు చదువుతారన్నదే ఇక్కడ కొలబద్ద.

ఇంత చెప్పినా చాలామందిని వెనక్కి లాగేది మర్యాద తప్పుతుందేమోనన్న బెరుకు. ఆ బెరుకుకు కారణం ఉంది. తెలుగులో గౌరవం క్రియలోనే ఉంది. ‘చెయ్యి’, ‘చెయ్యండి’, ‘చేయగలరు’ అంటే చాలు, ఎదుటివారు ఎవరో తెలిసిపోతుంది. పేరు చివర గారు ఎలాగూ ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ సదుపాయం లేదు. దాంతో తెలుగువారు ఆ గౌరవాన్ని నింపడానికి కైండ్లీ, హంబ్లీ, రెస్పెక్టెడ్ సర్ అన్న మాటలను పేరుస్తారు. నేటి ఇంగ్లిష్ గౌరవాన్ని మరో విధంగా చూపిస్తుంది. ఆజ్ఞ బదులు ‘కుడ్ యూ’ అన్న ప్రశ్న వేస్తుంది, ఎందుకు కావాలో కారణం చెబుతుంది, చేయడానికి తగిన వ్యవధి ఇస్తుంది. చదివేవారి సమయం వృథా చేయకపోవడమే అక్కడ పెద్ద మర్యాద. ‘కైండ్లీ’ విషయానికి వస్తే, చాలామంది అమెరికన్ల చెవికి అది ‘ప్లీజ్’కన్నా మృదువుగా వినిపించదు. పాతకాలపు నోటీసు బోర్డు గుర్తుకు వస్తుంది. పైగా మోసపు మెయిళ్ళలో ఆ మాట ఎంతగా కనబడుతుందంటే, దాన్ని చూడగానే అనుమానించేవారూ ఉన్నారు.

‘డియర్ సర్’ కూడా ఆలోచించి వాడాల్సిందే. చదివేది స్త్రీ అయితే అది తప్పే. అవతలివారు మెయిల్ కింద తమ మొదటి పేరుతో సంతకం చేస్తే, అదే పేరుతో పిలవమని వారు చెప్పినట్టు లెక్క. వయసులో పెద్దవారిని అలా పిలవడానికి మొదట్లో మనసొప్పదు, కానీ అక్కడ అది అమర్యాద కాదు. ఇక్కడి బ్యాంకు మేనేజరుకో, కాలేజీ ప్రిన్సిపాల్‌కో రాసేటప్పుడు సర్, మేడమ్ ఉంచుకోవడమే సబబు. వారు ఎదురుచూసే పిలుపు అదే. కోర్టుకు, లీగల్ నోటీసుకు, ప్రభుత్వ ఉత్తరానికి నిర్ణీత రూపాలు ఉన్నాయి, వాటిని అలాగే పాటించాలి. అక్కడ కూడా కోరిక ఏమిటో చెప్పే వాక్యం మాత్రం స్పష్టంగా ఉండవచ్చు. ‘నా ఖాతా సంగతి చూడగలరు’ అనే బదులు ఫలానా తేదీన పొరపాటున తీసుకున్న ఫలానా మొత్తాన్ని తిరిగి జమ చేయమని రాస్తే, క్లర్కు ఆ కాగితం మీద ఆ రోజే పని మొదలుపెట్టగలడు.

పాత పడికట్టు మాటలు వదిలినవారు కొత్త పడికట్టులో పడే ప్రమాదం కూడా ఉంది. ‘లెట్స్ టచ్ బేస్’, ‘సర్కిల్ బ్యాక్’, ‘ప్లీజ్ యాక్షన్ దిస్’ అన్నవి ఆధునికంగా కనిపిస్తాయి. ‘యాక్షన్ దిస్’ అంటే కోటు మార్చుకున్న నీడ్‌ఫుల్. పాతదైనా కొత్తదైనా పరీక్ష ఒకటే. పంపే ముందు మెయిల్లోని కోరిక వాక్యాన్ని మాత్రం ఆ విషయం తెలియని సహోద్యోగికి చూపించాలి. ఎవరు ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో వారు తిరిగి చెప్పగలిగితే పంపవచ్చు. చెప్పలేకపోతే అందులో ఇంకా ఖాళీ ఉంది.

ఈ మార్పు ఉద్యోగంలో చేరాక నేర్చుకోవడం కష్టం. ఇరవై ఏళ్ళ అలవాటును మెయిల్ మెయిల్‌కూ తుడుచుకోవాలి. బడిలో సెలవు చీటీ నేర్పే ఉపాధ్యాయులకు ఇది తేలిక. జ్వరం వచ్చింది, సోమ, మంగళవారాలు రాలేను, మంగళవారం లెక్కల పరీక్షను బుధవారం రాయనిస్తారా అని నాలుగు మామూలు వాక్యాల్లో పిల్లలచేత రాయించండి. టీమ్ లీడ్‌లు, ఆఫీసు మేనేజర్లు తమ కంపెనీలో చేతులు మారుతున్న నమూనా మెయిళ్ళను ఒకసారి తెరిచి, నీడ్‌ఫుల్ ఉన్న ప్రతిచోటా ఆ పని పేరు రాసి పెట్టండి. కొత్తగా చేరినవారు కాపీ కొట్టేది ఆ నమూనాలనే.